గ్రాము ప్రొటీన్ ఎంతకు పడుతోంది?

వే ప్రొటీన్ డబ్బా కిలో 2,400 రూపాయలు. శనగపప్పు కిలో 90. ఏది చౌకో చెప్పడానికి లెక్క కూడా అక్కర్లేదనిపిస్తుంది. జిమ్‌కి వెళ్లే కుర్రాణ్ని అడిగితే మాత్రం "డబ్బాలో ముప్పావు వంతు ప్రొటీనే అన్నా, పప్పులో అయిదో వంతే కదా" అంటాడు. అదీ నిజమే. గుడ్డు డజన్ల లెక్కన, పనీర్ ప్యాకెట్ లెక్కన, కోడి కిలోల లెక్కన కొంటాం కాబట్టి వీటన్నిటినీ ఒకే తూకంలో చూడాలంటే గ్రాము ప్రొటీన్ ఎంతకు పడుతోందో కట్టుకోవాలి. పెట్టిన డబ్బును వచ్చిన ప్రొటీన్‌తో భాగిస్తే సరి. ఆ భాగహారం అయిదో తరగతి పిల్లవాడైనా చేస్తాడు. చిక్కంతా 'వచ్చిన ప్రొటీన్' దగ్గరే. కొన్నదాంట్లో వచ్చిందా, తిన్నదాంట్లో వచ్చిందా, ఒంటికి పట్టినదాంట్లో వచ్చిందా? మూడింటికీ మూడు జవాబులు వస్తాయి.

ఇక్కడ వాడిన ధరలు హైదరాబాద్‌లో చిల్లరగా కొనేవాళ్ల చేతికి తగిలే ధరలకు దగ్గరగా పెట్టుకున్న గుండు అంకెలు. మీ ఊళ్లో ఎంతుంటే అంత వేసుకుని లెక్క తిరగేసుకోండి. పప్పు, గుడ్డు, మాంసం, పనీర్‌లలో ప్రొటీన్ ఎంతుంటుందో చెప్పే అంకెలు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పదార్థాల పట్టికల నుంచి తీసుకున్నవి.

ముందు కొన్నదాంతో మొదలుపెడదాం. శనగపప్పు కిలోలో 215 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. 90 రూపాయలకు 215 గ్రాములంటే గ్రాము 42 పైసలు. కందిపప్పులోనూ దాదాపు అంతే ఉంటుంది, 217 గ్రాములు. కాని కంది కిలో 130 అనుకుంటే గ్రాము 60 పైసలకు పోతుంది. పెసరపప్పు రెండింటి మధ్య, 50 పైసల దగ్గర నిలుస్తుంది. సోయా చంక్స్, అదే మన ఇళ్లలో మీల్ మేకర్ అనేది, వీటన్నిటికంటే కిందికి దిగిపోతుంది. సోయా గింజ నుంచి నూనె పిండేశాక మిగిలిన పిండిని వేడితో, ఒత్తిడితో ఉబ్బించి చేస్తారు గనక అందులో సగం పైన, నూటికి 52 గ్రాముల దాకా ప్రొటీనే. కిరాణా కొట్టులో విడిగా కిలో 140కి దొరికితే గ్రాము 27 పైసలు. అదే సరుకు 200 గ్రాముల రంగుల ప్యాకెట్‌లో 50 రూపాయలకు కొంటే 48 పైసలవుతుంది, అంటే శనగపప్పును దాటిపోతుంది. అందుకే 'సోయా చౌక' అని గుడ్డిగా అనుకోకుండా ఏ రూపంలో కొంటున్నామో చూడాలి.

గుడ్డు దగ్గరికి వస్తే పెంకు తీసేయాలి. 55 గ్రాముల గుడ్డులో తినేది 48 గ్రాములు, అందులో ప్రొటీన్ ఆరున్నర గ్రాములకు కాస్త తక్కువ. గుడ్డు 7 రూపాయలైతే గ్రాము రూపాయి పది పైసలు. గుడ్డు ధర గురించి ఒక చిన్న సంగతి. నెక్ అని పిలుచుకునే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ హైదరాబాద్, విజయవాడ, విశాఖ, చిత్తూరు వంటి కేంద్రాలకు విడివిడిగా ప్రకటించే రేటు ఫారం దగ్గరి టోకు రేటు. దాని మీద కొట్టువాడి ఖర్చు, లాభం పడి మనకొస్తుంది. పేపర్లో చూసిన రేటుతో లెక్క కడితే గుడ్డు ఉన్నదానికంటే చౌకగా కనిపిస్తుంది.

చికెన్ లెక్కలో పొరపాట్లు జరిగేది కత్తి కింద. షాపు బోర్డు మీద లైవ్, స్కిన్, స్కిన్‌లెస్, బోన్‌లెస్ అని నాలుగు ధరలుంటాయి. "స్కిన్‌లెస్ కిలో కొట్టన్నా" అని తెచ్చుకున్న కిలోలో ఎముక మూడొందల గ్రాముల దాకా ఉంటుంది. మిగిలిన ఏడొందల గ్రాముల మాంసంలో అయిదో వంతు ప్రొటీన్, అంటే 140 గ్రాములు. కిలో 260 రూపాయలైతే గ్రాము 1.86 పడింది. అదే బోన్‌లెస్ ఛాతీ ముక్క కిలో 400 అనుకుంటే అందులో 218 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, గ్రాము 1.83. బోర్డు మీద 140 రూపాయల తేడా కనిపించినా గ్రాము ప్రొటీన్ దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకటే. ఎముకల్లో చారు రుచి ఉంటుందంటే కాదనను, ప్రొటీన్ కోసమే అయితే బోన్‌లెస్ కొనడం దుబారా కాదు.

పనీర్ కిలో 400, అందులో ప్రొటీన్ 188 గ్రాములు, గ్రాముకు 2.13. ప్యాకెట్ పనీర్ 200 గ్రాములు 90 రూపాయలైతే 2.40 దాకా పోతుంది. వే ప్రొటీన్ డబ్బాలో 33 గ్రాముల స్కూపులు ముప్పై ఉంటాయి, ఒక్కో స్కూపుకు 24 గ్రాములు, మొత్తం 720 గ్రాములు. 2,400ను 720తో భాగిస్తే 3.33. ఇంకా శుద్ధి చేసిన ఐసొలేట్ రకం 3,500 పెట్టి కొంటే నాలుగు రూపాయలు దాటుతుంది.

ఇంతవరకు చూస్తే మీల్ మేకర్ పావలా, వే మూడుంపావు. పన్నెండు రెట్ల తేడా. ఇక్కడితో ఆపేసి మీల్ మేకర్‌కి ఓటేసే వ్యాసాలు చాలా ఉన్నాయి. కాని ఈ అంకెలన్నీ కొట్టు దగ్గరివి. కంచం దగ్గర, కడుపు దగ్గర ఇవి మారతాయి.

కంచం దగ్గర జరిగే మోసం నీళ్ల మోసం. మీల్ మేకర్ ప్యాకెట్ మీద రాసిన 52 గ్రాములు ఎండు సరుకుకు. వేడినీళ్లలో నానబెట్టి పిండాక అది రెండున్నర, మూడు రెట్లు బరువెక్కుతుంది. కూరలోంచి తీసి తూచిన వంద గ్రాముల మీల్ మేకర్‌లో 17 నుంచి 20 గ్రాములే ఉంటుంది. పప్పు సంగతీ ఇంతే. వండిన ముద్దపప్పు వంద గ్రాముల్లో ఆరేడు గ్రాములకు మించదు. చికెన్‌లో ఇది తలకిందులవుతుంది. వండితే నీరు పోయి బరువు పావు వంతు పైనే తగ్గుతుంది, కాని ప్రొటీన్ ఎక్కడికీ పోదు. అందుకే పచ్చి ఛాతీ ముక్కలో నూటికి 22 అని ఒకచోట, వండినదాంట్లో 31 అని ఇంకోచోట కనిపిస్తుంది. రెండూ సరైనవే. పచ్చి ముక్కను తూచి వండిన ముక్క అంకె వేసుకునేవాళ్లు రోజూ నూటికి 40 దాకా ఎక్కువ తిన్నామని తమను తామే నమ్మించుకుంటారు. పచ్చి సరుకును, ఎండు సరుకును వండకముందు తూచి, వండకముందు అంకెనే వాడాలి. ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

హాస్టల్ మెస్‌లో పోసే పప్పుచారును ఒకసారి దగ్గరగా చూడండి. గరిటె పెడితే అడుగున పలచగా పప్పు, పైన చింతపండు పులుసు, ఒక ములక్కాడ, తేలే కరివేపాకు. మనిషికి 15 గ్రాముల కందిపప్పు వేస్తే గొప్ప. అందులో ప్రొటీన్ మూడు గ్రాములు. "రోజూ పప్పు తింటున్నాను కదా" అనే అబ్బాయి తింటున్నది ఆ మూడు గ్రాములు. పప్పుచారుకూ ముద్దపప్పుకూ పేరులో పప్పు ఒకటే, పాళ్లు మాత్రం వేరు.

ఇక కడుపు దగ్గరికి. తిన్న ప్రొటీనంతా ఒంటికి పట్టదు. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల పేరంటం. వాటిలో తొమ్మిదింటిని మన శరీరం తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. ఏ తిండిలోనైనా ఆ తొమ్మిదిలో ఒకటి తక్కువైతే మిగతా ఎనిమిది ఎంత ఉన్నా ఆ తక్కువదాని మేరకే పని జరుగుతుంది. దీనికి జీర్ణమయ్యే శాతాన్ని కూడా కలిపి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1991లో ఒకటి లోపు మార్కులిచ్చే పద్ధతిని ప్రకటించాయి. ఆ మార్కుల్లో గుడ్డు, పాలు, వే ఒకటి తెచ్చుకుంటాయి. సోయా దాదాపు ఒకటి దగ్గర. చికెన్ కూడా అంతే. కందిపప్పు ఒక్కదాన్నే తింటే 0.6 అటూ ఇటూ.

ఈ మార్కులతో ధరను భాగిస్తే ఒక తమాషా బయటపడుతుంది. కందిపప్పు 60 పైసలు కాస్తా రూపాయి అవుతుంది. గుడ్డు రూపాయి పది దగ్గరే ఉంటుంది. పేదవాడి ప్రొటీన్ అనుకునే కందిపప్పుకూ, 'నాన్‌వెజ్ ఖర్చు' అనుకునే గుడ్డుకూ మధ్య ఉన్నది పది పైసల తేడానే. కంది ధర 150 దాటితే ఆ పది పైసలు కూడా తిరగబడి గుడ్డే చౌకవుతుంది. కంది రేటు అంతకు పోవడం మన దేశంలో వింతేమీ కాదు.

ఇక్కడ పప్పు తరఫున ఒక మాట చెప్పాలి. కందిపప్పును ఎవరూ ఒంటరిగా తినరు. పప్పులో మెథియోనిన్ తక్కువ, లైసిన్ ఎక్కువ. బియ్యంలో లైసిన్ తక్కువ, మెథియోనిన్ చాలినంత. రెండూ ఒకే ముద్దలో కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. అప్పుడు ఆ లోటుకు వేసిన జరిమానా చాలావరకు ఎత్తేయాలి. జీర్ణానికి సంబంధించిన కోత మాత్రం ఉండిపోతుంది. బెంగళూరులోని సెయింట్ జాన్స్ పరిశోధకులు ఐసోటోపు గుర్తులు పెట్టిన తిండిని భారతీయులకే తినిపించి కొలిచినప్పుడు గుడ్డు, కోడి మాంసాల ప్రొటీన్ నూటికి 90 దాకా లోపలికి వెళ్లింది. పెసలు, శనగల వంటి వాటిలో 60 నుంచి 75 మధ్య తేలింది. పొట్టు తీస్తే పెసల అంకె మెరుగుపడింది. ఆ కోతను వేసి, బియ్యంతో కలిసినందుకు వచ్చే లాభాన్ని ఇచ్చేస్తే కందిపప్పు అసలు ధర 80 పైసల దగ్గర నిలుస్తుంది. శనగపప్పు 60 పైసలలోపే. గుడ్డు కంటే చౌకే, కాని కొట్టు దగ్గర కనిపించినంత చౌక కాదు.

మీల్ మేకర్‌కు ఈ కోత పెద్దగా తగలదు. పచ్చి సోయా గింజలో జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలుంటాయి, వేడికి అవి చచ్చిపోతాయి. తయారీలోనే వేడి పడింది గనక మీల్ మేకర్‌లో వాటి బెడద లేదు. కడుపు ఉబ్బరం చేసే చక్కెరలు మాత్రం కొంత మిగిలి ఉంటాయి. అందుకే ఉప్పు వేసిన మరిగే నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, గట్టిగా పిండి, చన్నీళ్లలో మళ్లీ జాడించి పిండాలి. పచ్చివాసన కూడా దీంతో పోతుంది. మగవాళ్లలో సోయా హార్మోన్లను తగ్గిస్తుందన్న భయం జిమ్ముల్లో గట్టిగా ఉంది. దీని మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ పోగేసి చూసిన సమీక్షల్లో టెస్టోస్టెరాన్ మీద ప్రభావం కనిపించలేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం మాత్రకూ సోయాకూ మధ్య కొన్ని గంటలు ఎడం ఉంచాలి, మందు ఒంటికి పట్టడానికి సోయా అడ్డుపడుతుంది.

పనీర్ విషయంలో ఇంకో లెక్క వేయాలి, ఇది నకిలీని పట్టించే లెక్క కూడా. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం పనీర్‌లో తేమ నూటికి 60 దాటకూడదు, ఆ తేమ తీసేయగా మిగిలిన దాంట్లో కనీసం సగం పాలకొవ్వు ఉండాలి. అంటే వంద గ్రాముల మామూలు పనీర్‌లో 60 నీరు, 20 పైన కొవ్వు. ఇక ప్రొటీన్‌కు మిగిలే చోటు ఎంత? 18, 19 గ్రాములకు మించి ఇరికించడం కష్టం. మామూలు పనీర్ ప్యాకెట్ మీద నూటికి 25 గ్రాములని రాసి ఉంటే, అది కొవ్వు తక్కువ రకమైనా అయ్యుండాలి, రాతలో అయినా తేడా ఉండాలి.

రెండోది పాల లెక్క. కిలో పనీర్‌కు వెన్నశాతం బాగా ఉన్న పాలు అయిదు లీటర్లు తక్కువ కాకుండా పడతాయి. లీటరు 70 అయితే పాలకే 350. గ్యాసు, కూలి, రవాణా వేరే. మరి హోటళ్లకు వేసే పనీర్ కిలో 220కి ఎలా వస్తోంది? అది పాలది కాదు గనక. పామాయిలు, పాలపొడి, పిండి కలిపి చేసిన అనలాగ్ అది. అనలాగ్ అని రాసి అమ్మితే నేరం కాదు, పనీర్ అని అమ్మితేనే మోసం. ఉడికించి చల్లార్చిన ముక్క మీద అయోడిన్ చుక్క వేస్తే నీలమైతే పిండి ఉన్నట్టు. అయితే పిండి లేకుండా నూనె ఒక్కటే కలిపినదాన్ని ఈ పరీక్ష పట్టలేదు. దానికి ధరే మంచి పరీక్ష. పాల ఖరీదు కంటే తక్కువకు పాల పదార్థం రాదు.

ఇదే కారణంగా ఇంట్లో పాలు విరిచి పనీర్ చేసుకుంటే గ్రాము ప్రొటీన్ ఏమీ చౌక కాదు. లీటరు పాలల్లో 33 గ్రాముల ప్రొటీన్ ఉంటే పనీర్‌లోకి వచ్చేది 28 దాకా. కొంత నీళ్లతో పోతుంది. 70 రూపాయలకు 28 గ్రాములంటే రెండున్నర. నమ్మకం కోసం చేసుకోవచ్చు, పొదుపు కోసమైతే కాదు. ప్రొటీన్ ఒక్కటే కావాలంటే ఆ పాలు పాలుగానో పెరుగుగానో తాగడమే లాభం.

పోయే ఆ పసుపుపచ్చని నీళ్లే వే అని, దాన్ని తాగితే డబ్బా కొనక్కర్లేదని చాలామంది చెబుతుంటారు. సగమే నిజం. పాల ప్రొటీన్‌లో నూటికి 80 కేసిన్, 20 వే. చీజ్ చేసేటప్పుడు పాలను పెద్దగా మరిగించరు, రెన్నెట్ అనే ఎంజైముతో గడ్డకట్టిస్తారు. అప్పుడు కేసిన్ గడ్డలోకి, వే నీళ్లలోకి వెళతాయి. పనీర్‌కు మనం పాలు బాగా మరిగించి నిమ్మరసం వేస్తాం. ఆ వేడికి వే ప్రొటీన్‌లో చాలా భాగం కేసిన్‌ను అంటుకుని పనీర్‌లోనే ఉండిపోతుంది. నీళ్లలో మిగిలేది ఎక్కువగా లాక్టోజ్ చక్కెర, లవణాలు. ఆ నీళ్లతో చపాతీ పిండి కలుపుకోండి, బాగుంటుంది. ప్రొటీన్ లెక్కలో మాత్రం రాసుకోకండి.

వే పొడి ఖరీదు ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది. లీటరు పాలల్లో వే ప్రొటీన్ ఆరు గ్రాములే. నూటికి 80 ప్రొటీన్ ఉన్న పొడి కిలో తయారు కావాలంటే 130 లీటర్లకు పైగా పాలు చీజ్‌గా మారాలి, ఆ నీళ్లను వడపొరల్లోంచి పంపి చక్కెరను వేరు చేయాలి, ఆరబెట్టాలి. చీజ్ పెద్దగా తినని దేశంలో ఆ నీళ్లు అంతగా దొరకవు. అందుకే మన దగ్గరి డబ్బాల్లో చాలావాటి పొడి బయటి దేశాల నుంచే వస్తుంది.

డబ్బాలో ఉన్నది రాసినంత ఉందా అన్నది ఇంకో ప్రశ్న. ప్రొటీన్‌ను ప్రయోగశాలలో నేరుగా కొలవరు. అందులోని నత్రజనిని కొలిచి ఒక గుణకంతో గుణిస్తారు. గ్లైసిన్, టారిన్ వంటి చవక పదార్థాల్లోనూ నత్రజని ఉంటుంది. అవి కలిపితే పరీక్షలో ప్రొటీన్ అంకె పెరుగుతుంది, కండకు పనికొచ్చేది పెరగదు. వ్యాపారంలో దీన్ని స్పైకింగ్ అంటారు. చైనాలో 2008లో పిల్లల పాలపొడిలో మెలమైన్ కలిపిందీ ఈ నత్రజని కిటుకుతోనే. 2024లో కేరళ వైద్యుల బృందం ఒకటి మన మార్కెట్‌లోని 36 ప్రొటీన్ పొడులను పరీక్ష చేయిస్తే నూటికి దాదాపు 70 వాటిలో ప్రొటీన్ రాసినట్టు లేదు. కొన్నింటిలో రాసినదానికి సగమే ఉంది. సగమే ఉంటే గ్రాము 3.33 కాస్తా 6.66 అవుతుందని వేరే చెప్పక్కర్లేదు.

డబ్బా తిప్పి చూసేటప్పుడు స్కూపు లెక్క వదిలేసి 'నూరు గ్రాములకు' అన్న గడి చూడాలి. కాన్‌సెంట్రేట్ అయితే అక్కడ 70, 80 మధ్య ఉండాలి. పదార్థాల జాబితాలో గ్లైసిన్, టారిన్ విడిగా కనిపిస్తే డబ్బా దించేయడం మంచిది. మాస్ గెయినర్ అని 700 రూపాయలకు వచ్చే కిలో డబ్బాలో ఆ గడిలో 15 ఉంటుంది. మిగతాది చాలావరకు మాల్టోడెక్స్ట్రిన్, అంటే పిండి నుంచి తీసిన చక్కెర లాంటిది. 700ను 150తో భాగిస్తే గ్రాము 4.67. వే కొనలేక గెయినర్ కొన్న కుర్రాడు వే కంటే ఎక్కువ ధరకు ప్రొటీన్ కొన్నాడన్న మాట. అరవై రూపాయలకు పది గ్రాములిచ్చే ప్రొటీన్ బార్ల సంగతి అడక్కండి.

ఇప్పుడొక మనిషిని తీసుకుందాం. అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్న కుర్రాడు, బరువు 65 కిలోలు. పోషకాహార సంస్థ 2020 సిఫార్సు ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాములు, అంటే రోజుకు 54 గ్రాములు చాలు. అయితే అది నాణ్యమైన ప్రొటీన్ తినేవాడికి. అన్నం మీదే బతికేవాడికి కిలోకు ఒక గ్రాము వేసుకోవాలి, 65. మెస్‌లో అతనికి దొరికేది చూస్తే, పొద్దున ఇడ్లీయో ఉప్మాయో ఎనిమిది, రెండు పూటల అన్నం 350 గ్రాముల బియ్యం అనుకుంటే 28, పప్పూ పప్పుచారూ కలిపి ఏడు, పెరుగు అయిదు, కూరలు, టీ పాలు ఏడు. మొత్తం 55. ఇందులో సగం బియ్యం నుంచే వచ్చిందని గమనించారా? బియ్యంలో ప్రొటీన్ లేదంటారు గాని, నూటికి ఎనిమిది గ్రాములుంటుంది. మనం తినే పరిమాణంలో అదే పెద్ద పద్దు.

ఇతను జిమ్‌కి వెళ్లకపోతే లోటు పది గ్రాములు. ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు పుట్నాలు. పది రూపాయల్లో అయిపోయింది. దీని కోసం డబ్బా కొనమనేవాడు అమ్మేవాడే అయ్యుండాలి.

బరువులెత్తుతాడనుకుందాం. కండ పెరగడం మీద జరిగిన ప్రయోగాలను కలిపి 2018లో వచ్చిన పెద్ద సమీక్షలో కిలోకు 1.6 గ్రాములు దాటాక అదనపు లాభం సగటున కనిపించలేదు. అతనికి 104 గ్రాములు. లోటు 50. ఈ యాభైని ఒక్కో సరుకుతోనే పూడిస్తే ఏమవుతుందో చూస్తే గ్రాము ధర చెప్పని సంగతి బయటికొస్తుంది. కందిపప్పుతో అయితే 230 గ్రాముల ఎండు పప్పు, 30 రూపాయలు. కాని దానితోపాటు 750 కేలరీలు, మూడు నాలుగు గిన్నెల ముద్దపప్పు. అన్నం తగ్గించకపోతే పొట్ట వస్తుంది, తగ్గిస్తే బియ్యం ప్రొటీన్ పోతుంది. పనీర్‌తో 265 గ్రాములు, 106 రూపాయలు, 700 కేలరీలు పైన, అందులో ఎక్కువ కొవ్వు నుంచే. గుడ్లు ఎనిమిది, 56 రూపాయలు, 500 కేలరీలు. బోన్‌లెస్ చికెన్ 230 గ్రాములు, 92 రూపాయలు, కేలరీలు 300 లోపు. మీల్ మేకర్ 96 గ్రాములు, 13 రూపాయలే, కేలరీలు 330, కాని నానాక పావుకిలో అయ్యే ఆ ముద్దను రోజూ తినేవాళ్లు నాకింతవరకు కనపడలేదు. వే రెండు స్కూపులు, 160 రూపాయలు, 260 కేలరీలు, పొయ్యి అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు.

వే అమ్ముడుపోయేది ఆ చివరి మాట మీదే. ప్రొటీన్ గ్రాము రూపాయి పది, పైన మిగిలిన రెండుంపావు కేలరీ తక్కువైనందుకూ, వండుకునే పని తప్పినందుకూ. గదిలో స్టవ్ పెట్టనివ్వని హాస్టల్‌లో అది దండగ అనలేం. వంటింట్లో పొయ్యి వెలిగే ఇంట్లో మాత్రం అది సౌకర్యానికి కట్టే అద్దె.

అతనికి నేను రాసిచ్చే పట్టీ ఇది: గుడ్లు మూడు, 21 రూపాయలు, 19 గ్రాములు. మీల్ మేకర్ 40 గ్రాములు రాత్రి కూరలో, విడిగా కొంటే ఆరు రూపాయలు, 21 గ్రాములు. పుట్నాలు 50 గ్రాములు సాయంత్రం, ఆరు రూపాయలు, పది గ్రాములు. మొత్తం 50 గ్రాములు, 33 రూపాయలు, నెలకు వెయ్యి. అదే రోజుకు రెండు స్కూపులైతే డబ్బా పదిహేను రోజులకే ఖాళీ, నెలకు 4,800. గుడ్లూ పుట్నాలూ గదిలోనే కుదురుతాయి, ఎలక్ట్రిక్ కెటిల్‌లో గుడ్లు ఉడకబెట్టడం హాస్టల్ విద్యల్లో మొదటిది. మీల్ మేకర్ కుదరని చోట ఒక స్కూపు వే వేసుకున్నా నెలకు 3,200 దగ్గరే ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఈ పట్టీలేవీ చూడకుండా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, వాళ్లకు ప్రొటీన్ హద్దు వేరే ఉంటుంది.

ఇక ధరలు కదిలినప్పుడు వరుస ఎలా మారుతుందో గుర్తుపెట్టుకోవడానికి కొన్ని అంకెలు చాలు. వే డబ్బా కిలో 1,500కు దిగితే పనీర్‌తో సమానం, 1,330కి వస్తే చికెన్‌తో సమానం. చికెన్ ధర కార్తీకమాసంలో మన ఊళ్లలో దిగుతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు కొనేవాళ్లు లేక పడిపోయింది. ఎముకతో స్కిన్‌లెస్ కిలో 155కి వచ్చిన రోజున చికెన్ గ్రాము ప్రొటీన్ గుడ్డుతో ఒకటవుతుంది. ఆ బోర్డు కనిపిస్తే రెండు కిలోలు కొని ఫ్రీజర్‌లో పెట్టుకోండి.